వంద అట్లకి గ్యాస్ ఎంత? సగటు 2.9 కిలోలంటోంది, గీత 0.92 అంటోంది

తేజ_బ్రాడీపేట · సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను, స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టు. వచ్చే వారం మా వీధిలో ఒకరి గృహప్రవేశం. 100 పెసరట్లు వేసి పంపమన్నారు. ఆ వందకి గ్యాస్ ఖర్చు ఎంత వేసుకోవాలన్న దగ్గర నాన్నకీ నాకూ లెక్క కుదరడం లేదు.

పోయిన వారం సోమవారం నుంచి శనివారం దాకా రోజూ రాత్రి హోటల్ కట్టేశాక రెగ్యులేటర్ తీసి సిలిండర్‌ని కాటా మీద పెట్టి బరువు రాశాను. ముందు రోజు బరువులోంచి తీసేస్తే ఆ రోజు కాలిన గ్యాస్ వస్తుంది. అట్ల లెక్క టోకెన్లలోంచి తీశాను. పెసరట్టు, మామూలు అట్టు కలిపే లెక్కపెట్టాను. అట్లు తక్కువ పోయిన రోజు పైన, ఎక్కువ పోయిన రోజు కింద పెట్టి పట్టిక వేశాను.

| అట్లు | గ్యాస్ (కిలోలు) |
|---|---|
| 120 | 4.3 |
| 140 | 4.3 |
| 150 | 4.5 |
| 160 | 4.7 |
| 180 | 4.7 |
| 210 | 5.1 |

నాన్న లెక్క: మొత్తం గ్యాస్ 27.6 కిలోలు, మొత్తం అట్లు 960. భాగిస్తే అట్టుకి 28.75 గ్రాములు. అంటే వందకి దాదాపు 2.9 కిలోలు.

నేను లీస్ట్ స్క్వేర్స్ గీత వేశాను. వాలు 0.0092 వచ్చింది, అంటే అట్టుకి 9.2 గ్రాములు. వందకి 0.92 కిలో. రెండూ ఒకే పట్టికలోంచి వచ్చాయి, కానీ మూడు రెట్ల తేడా ఉంది. నాన్న నేనే ఎక్కడో తప్పు చేశానంటున్నారు. మూడుసార్లు చేసి చూశాను, అదే వస్తోంది. ఎవరైనా చూసి చెప్పగలరా?

కిరణ్_మొగల్రాజపురం · సోమవారం, రాత్రి 10:20

తేజా, నువ్వు సూత్రం వాడటంలో తప్పు లేదు, గీత ఎంచుకోవడంలోనే తప్పుంది. అట్లు వేయకపోతే గ్యాస్ కాలదు. కాబట్టి గీత సున్నా దగ్గర నుంచే బయల్దేరాలి. నీ గీత సున్నా అట్ల దగ్గర 3.1 కిలోలు చూపిస్తుంది. హోటల్ మూసిన రోజు 3 కిలోల గ్యాస్ ఎక్కడ కాలుతుంది?

సున్నా గుండా పోయే గీతకి సూత్రం ఇంకా తేలిక. అట్లనీ గ్యాస్‌నీ ఏ రోజుకారోజు గుణించి కూడితే 4462, అట్ల వర్గాలు కూడితే 1,58,600. భాగిస్తే 0.0281. అంటే 28.1 గ్రాములు. మీ నాన్నగారి లెక్కకి దగ్గరగా వచ్చింది చూడు. ఆయనే కరెక్ట్.

తేజ_బ్రాడీపేట · సోమవారం, రాత్రి 10:31

కిరణ్ అన్నా, సెలవు రోజు గ్యాస్ సున్నానే, అది నిజమే. కానీ 210 అట్లు వేసిన రోజు 120 వేసిన రోజు కంటే 90 అట్లు ఎక్కువ. అట్టుకి 28 గ్రాములైతే ఆ రోజు రెండున్నర కిలోలు ఎక్కువ కాలాలి కదా. కాలింది 0.8 కిలో మాత్రమే. నాకు ఇక్కడే అర్థం కావడం లేదు.

రమాదేవి_సత్యనారాయణపురం · మంగళవారం, ఉదయం 6:15

తేజా, నీ సందేహంలోనే సమాధానం ఉంది. విజయవాడలో ఇరవై ఏళ్లకి పైగా ఈ పాఠం చెప్పాను. ఇంత శుభ్రమైన పట్టిక పిల్లలు తేవడం అరుదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు నీ లెక్క సరిచూస్తాను. సగటు అట్లు 160, సగటు గ్యాస్ 4.6 కిలోలు. ప్రతి రోజూ ఈ సగటుకి ఎంత దూరంలో ఉందో రాసుకుని, ఆ రెండు దూరాల్నీ గుణించాలి.

| అట్లలో దూరం | గ్యాస్‌లో దూరం | గుణిస్తే | అట్ల దూరం వర్గం |
|---|---|---|---|
| −40 | −0.3 | 12 | 1600 |
| −20 | −0.3 | 6 | 400 |
| −10 | −0.1 | 1 | 100 |
| 0 | 0.1 | 0 | 0 |
| 20 | 0.1 | 2 | 400 |
| 50 | 0.5 | 25 | 2500 |

మూడో నిలువు వరుస మొత్తం 46, నాలుగోది 5000. భాగిస్తే 0.0092. నీ లెక్క సరైనదే. గీత సగటుల గుండా పోవాలి కాబట్టి 4.6 లోంచి 0.0092 × 160 తీసేస్తే 3.128 మిగులుతుంది. గీత ఇదీ:

```
y = 3.128 + 0.0092 x
```

మూడో వరుసని ఒకసారి బాగా చూడు. మొత్తం 46లో 25 ఒక్క 210 అట్ల రోజుదే, 12 ఒక్క 120 అట్ల రోజుదే. మధ్యలో ఉన్న నాలుగు రోజులూ కలిసి ఇచ్చింది 9. అంటే నీ వాలుని దాదాపుగా ఆ చివరి రోజూ ఈ చివరి రోజూ నిర్ణయించాయి. 160 అట్ల రోజున గ్యాస్ 4.7కి బదులు 5.2 అని రాసినా వాలు మారదు, గీత మొత్తం కొంచెం పైకి జరుగుతుంది, అంతే. కాబట్టి ఆ రెండు చివరి రోజుల బరువులు సరిగ్గా రాశావా అని ముందు చూసుకో.

ఇప్పుడు కిరణ్ గారి గీత. ఏ గీత బాగా అమరిందో తెలియాలంటే గీత చెప్పిన గ్యాస్‌కీ నిజంగా కాలిన గ్యాస్‌కీ తేడా రోజువారీ చూడాలి. సున్నా గుండా పోయే గీత 120 అట్లకి 3.38 కిలోలు అంటుంది. కాలింది 4.3. అంటే 0.92 ఎక్కువ. అలా వరుసగా వెళ్తే తేడాలు +0.92, +0.36, +0.28, +0.20, −0.36, −0.81. మొదట్లో అన్నీ ఎక్కువ, చివర్లో అన్నీ తక్కువ. తేడాలు ఇలా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జారుతూ పోతే ఆ గీత వాలు తప్పని అర్థం. బలవంతాన సున్నాకి కట్టేశాం కాబట్టి అది అంత నిటారుగా లేచింది. తేజ గీతకి తేడాలు +0.07, −0.12, −0.01, +0.10, −0.08, +0.04. ఒక వరస లేదు, పైగా ఏదీ కాటా చూపించే 100 గ్రాముల మెట్టుని పెద్దగా దాటలేదు.

గోపాలరావు_వంట · మంగళవారం, ఉదయం 7:40

బాబూ, నేను ముప్పై ఏళ్లుగా హోటళ్లలో, పెళ్లిళ్లలో వంట చేస్తున్నాను. గ్యాస్ ఆదా కావాలంటే ముందు సాంబారు సంగతి చూడు. తెల్లారుజామున నాలుగున్నరకి సాంబారుకి పప్పు పెడతారు. అది ఒక పెద్ద పొయ్యి మీద ముప్పావు గంట. ఆ పక్కన ఇడ్లీ పాత్రలో నీళ్లు మరగాలి. ఉప్మా, అల్లం చట్నీకి వేపుడు, పోపు, తర్వాత టీ. అట్ల పెనం ఒక్కటే వేడెక్కడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, మందపాటి ఇనుప పెనమైతే ఇంకా ఎక్కువ. మొదటి అట్టు పడే సరికే సిలిండర్‌లో చాలా అయిపోతుంది. ఒకసారి పెనం కాలిందంటే తర్వాత అట్లకి పెద్దగా తినదు. సాంబారుకి పప్పు రాత్రే నానబెడితే గ్యాస్ తగ్గుతుంది.

తేజ_బ్రాడీపేట · మంగళవారం, ఉదయం 8:05

గోపాలరావు బాబాయ్, నేను అడిగింది ఆదా గురించి కాదు గానీ మీరు చెప్పింది నాకు చాలా ఉపయోగపడింది. మొదటి అట్టుకి ముందే కాలేది ఆ 3.1 కిలోలన్నమాట!

రమాదేవి_సత్యనారాయణపురం · మంగళవారం, ఉదయం 8:30

గోపాలరావు గారు పొయ్యి దగ్గర నిలబడి చెప్పారు, పట్టిక అంకెల్లో చెప్పింది. రెండూ ఒకటే మాట. వాలు అంటే ఒక అట్టు ఖరీదు కాదు, *ఇంకో* అట్టు ఖరీదు. హోటల్ ఎలాగూ తెరిచారు, సాంబారు ఎలాగూ కాగింది, పెనం వేడిగా ఉంది. అప్పుడు ఇంకొక అట్టు వేస్తే సిలిండర్ బరువు ఎంత తగ్గుతుంది? సుమారు 9 గ్రాములు.

మీ నాన్నగారి 28.75 తప్పు కాదు, అది వేరే ప్రశ్నకి జవాబు. నెల మొత్తం మీద అట్టు రేటు కట్టేటప్పుడు సాంబారు గ్యాస్ కూడా ఎక్కడో రాబట్టుకోవాలి, అక్కడ ఆయన లెక్కే వాడాలి. అదనంగా వచ్చిన ఆర్డర్‌కి గ్యాస్ ఎంత ఎక్కువ అవుతుందంటే వాలు వాడాలి.

ఒక జాగ్రత్త. 28.75 ఏ రోజుకారోజు మారిపోతుంది. 120 అట్ల రోజు అట్టుకి 35.8 గ్రాములు పడింది, 210 అట్ల రోజు 24.3 పడింది. అట్టు అదే, పెనం అదే. మారింది ఏమిటంటే ఆ 3.1 కిలోల్ని పంచుకునే అట్ల సంఖ్య.

కిరణ్_మొగల్రాజపురం · మంగళవారం, మధ్యాహ్నం 1:10

మేడమ్, తేడాల వరస చూశాక సున్నా గీత అమరలేదని ఒప్పుకుంటున్నాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. సెలవు రోజున అట్లు సున్నా, గ్యాస్ సున్నా. అదీ నిజమైన రోజే కదా. ఆ చుక్కని పట్టికలో ఎందుకు పెట్టకూడదు?

రమాదేవి_సత్యనారాయణపురం · మంగళవారం, మధ్యాహ్నం 2:25

ఎందుకంటే ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఈ గీత పొయ్యి వెలిగించిన రోజుల గురించి మాట్లాడుతోంది, అదీ 120 నుంచి 210 అట్ల మధ్య. 3.128 అన్నది ఆ మధ్యలో గీత సరిగ్గా అమరడానికి కావలసిన ఎత్తు. దాన్ని సాంబారు, ఇడ్లీల వాటా అని చదువుకోవచ్చు, గోపాలరావు గారి అనుభవం దానికి సాక్ష్యం ఇస్తోంది. కానీ ఒక్క అట్టూ వేయకుండా మిగతావన్నీ చేసిన రోజు ఒకటి కొలిస్తే తప్ప అది 3.1 అని గట్టిగా అనలేం. 120కి ఎడమ పక్క మన దగ్గర ఒక్క చుక్క కూడా లేదు.

సుల్తానా_అరండల్‌పేట · మంగళవారం, రాత్రి 8:45

నేను షాపు లెక్కలన్నీ షీట్‌లోనే చేస్తాను. తేజ పట్టిక A లో అట్లు, B లో గ్యాస్ పెట్టి చూశాను. నాకు 100 వచ్చింది! సరిగ్గా 100. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదు.

```
=SLOPE(A2:A7,B2:B7)
```

తేజ_బ్రాడీపేట · మంగళవారం, రాత్రి 8:58

సుల్తానా అక్కా, `SLOPE`లో ముందు y ఇవ్వాలి, తర్వాత x. నేనూ మొదట్లో ఇలాగే చేశాను. ఇలా పెట్టి చూడండి:

```
=SLOPE(B2:B7,A2:A7)
=INTERCEPT(B2:B7,A2:A7)
```

సుల్తానా_అరండల్‌పేట · మంగళవారం, రాత్రి 9:10

ఇప్పుడు 0.0092 వచ్చింది, థాంక్స్ తమ్ముడూ. అయితే ఆ 100 అంటే కిలో గ్యాస్‌కి 100 అట్లు అనే కదా? కిలోకి 100 అంటే అట్టుకి 10 గ్రాములు. నీకేమో 9.2. తిరగేసినప్పుడు అదే అంకె రావాలి కదా, ఎందుకు రాలేదు?

రమాదేవి_సత్యనారాయణపురం · మంగళవారం, రాత్రి 9:50

సుల్తానా గారూ, చాలామంది దాటేసి వెళ్లిపోయే చోట మీరు ఆగారు.

లీస్ట్ స్క్వేర్స్ గీత రెండు పక్కలా ఒకే కొలత తీసుకోదు. గ్యాస్‌ని y గా పెడితే ప్రతి చుక్క నుంచి గీతకి నిలువుగా ఎంత దూరమో కొలిచి, ఆ దూరాల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేలా గీత పడుతుంది. అంటే అట్ల సంఖ్య ఖాయం, పొరపాటంతా గ్యాస్ బరువులోనే ఉంది అన్న లెక్క. తిరగేస్తే అడ్డంగా కొలుస్తుంది. అప్పుడు గ్యాస్ బరువు ఖాయం, ఊగేది అట్ల సంఖ్య. చుక్కలన్నీ ఒకే గీత మీద ఉంటే రెండూ కలిసిపోతాయి. కొంచెం చెదిరి ఉంటే రెండు గీతలు వస్తాయి.

ఎంత చెదిరాయో కూడా ఆ రెండు వాలులే చెబుతాయి. 0.0092ని 100తో గుణించండి, 0.92 వస్తుంది. మీ షీట్‌లో `=RSQ(B2:B7,A2:A7)` కొడితే వచ్చేదీ అదే 0.92.

తేజ విషయంలో ఏది వాడాలి? టోకెన్లు లెక్కపెట్టాడు కాబట్టి అట్ల సంఖ్యలో తప్పు దాదాపు లేదు. కాటా 100 గ్రాముల మెట్లలో చూపిస్తుంది, మంట రోజుకోలా ఉంటుంది. ఊగేది గ్యాసే. పైగా అతను అడిగింది అట్ల సంఖ్య తెలిస్తే గ్యాస్ ఎంత అని. కాబట్టి 9.2. సిలిండర్‌లో ఇంత మిగిలింది, ఇవాళ ఎన్ని అట్లు పోయి ఉంటాయి అని ఊహించాలంటే మీ 100 పనికొస్తుంది.

శీను_మిర్చియార్డ్ · బుధవారం, ఉదయం 5:50

మేడమ్, మా సంగతి కూడా ఒకటి చూడండి. కల్లంలో పండు మిరపకాయ 10 కిలోలు విడిగా ఆరబోసి రెండు రోజులకోసారి తూకం వేశాను. మొదటి రోజు 10, రెండు రోజులకి 7, నాలుగుకి 5.2, ఆరుకి 4.1, ఎనిమిదికి 3.5. సుల్తానా గారు చెప్పినట్టు షీట్‌లో పెడితే వాలు −0.795. అంటే రోజుకి 0.8 కిలో తగ్గుతుందని రాసుకున్నాను. ఆ లెక్కన 12 రోజులకి ఎంత ఉంటుందని చూస్తే మైనస్ వచ్చింది.

రమాదేవి_సత్యనారాయణపురం · బుధవారం, ఉదయం 7:05

శీను గారూ, మీ లెక్క సరిగ్గానే ఉంది, కాయే గీతలా ఎండదు. మొదటి రెండు రోజుల్లో 3 కిలోలు పోయింది, చివరి రెండు రోజుల్లో 0.6 మాత్రమే. మీ తేడాలు చూస్తే +0.86, −0.55, −0.76, −0.27, +0.72. రెండు చివర్లా పైన, మధ్యలో కింద. ఇది వంపు గుర్తు. రోజుకి 0.8 అన్నది మీ ఎనిమిది రోజుల్లో ఏ ఒక్క రోజుకీ సరిగ్గా నప్పని సగటు. మీకు కావలసింది రోజుకి ఎంత తగ్గుతుందని కాదు, ఇంకా పోవలసిన తేమలో రోజుకి ఎంత వంతు పోతోందని. అది వేరే పోస్టుగా పెట్టండి, అక్కడ రాస్తాను.

తేజ_బ్రాడీపేట · బుధవారం, రాత్రి 10:05

మేడమ్, ఒక విషయం మొదట రాయలేదు, క్షమించండి. ఆదివారం కూడా తూకం వేశాను. ఆ రోజు 310 అట్లు, 7.6 కిలోల గ్యాస్. మిగతా రోజులతో కలవడం లేదని పక్కన పెట్టాను. ఇవాళ దాన్ని కూడా కలిపి చూస్తే వాలు 0.0178కి పోయింది. అట్టుకి 17.8 గ్రాములు! 3.128 కాస్తా 1.80 అయింది. పైగా `RSQ` 0.92 నుంచి 0.94కి పెరిగింది. అంటే ఏడు రోజుల గీతే మెరుగ్గా అమరిందనా? ఒక్క రోజు కలిపితే జవాబు రెండింతలైతే దేన్ని నమ్మాలి?

కిరణ్_మొగల్రాజపురం · బుధవారం, రాత్రి 10:40

కలవలేదని ఒక రోజుని తీసేయడం పద్ధతి కాదు తమ్ముడూ. అది కూడా మీ హోటల్లో కాలిన గ్యాసే. కలిపే చెయ్యాలి. అమరిక కూడా పెరిగింది కదా.

రమాదేవి_సత్యనారాయణపురం · గురువారం, ఉదయం 6:20

కిరణ్ గారు మొదట చెప్పిన మాట నిజం, రెండోది కాదు.

ఆరు రోజుల గీత ఆదివారానికి 5.98 కిలోలు చెబుతుంది. కాలింది 7.6. కిలోన్నర పైన తేడా. మిగతా రోజుల్లో తేడా 0.12 దాటలేదు. అంటే ఆదివారం ఏదో వేరుగా జరిగింది. కానీ ఏడు రోజుల గీతలో ఆదివారం తేడా చూడు, 0.29 మాత్రమే. 120 అట్ల రోజు తేడా 0.36, 180 రోజు −0.30, 210 రోజు −0.44. తేడా తెచ్చింది ఆదివారమైతే, తప్పు మిగతా రోజుల మీద పడింది!

ఇది ఎలా జరుగుతుందంటే, ఆదివారం మిగతా రోజులకి చాలా దూరంగా కుడి పక్క ఉంది. పొడవైన గునపం చివర పట్టుకుంటే కొంచెం బలానికే ఎలా లేస్తుందో, దూరంగా ఉన్న చుక్క గీతని అలా తన వైపు లాక్కుంటుంది. లాక్కున్నాక దాని తేడా చిన్నదే కనిపిస్తుంది. అందుకే ఇలాంటి చుక్కని దాని తేడా చూసి పట్టుకోలేం, దాన్ని తీసి ఒకసారి, పెట్టి ఒకసారి గీత వేసి చూడాలి. నువ్వు తెలియకుండానే ఆ పనే చేశావు.

`RSQ` పెరగడానికి కారణం కూడా అదే. గ్యాస్ మొత్తం హెచ్చుతగ్గుల్లో గీత ఎంత భాగాన్ని పట్టిందో అది చెబుతుంది. ఆదివారం చేరగానే ఆ హెచ్చుతగ్గులు, అంటే గ్యాస్‌లో సగటు నుంచి దూరాల వర్గాల మొత్తం, 0.46 నుంచి 8.17కి పెరిగాయి. దూరంగా ఉన్న ఒక్క చుక్క వైపు గీత వంగితే చాలు, ఆ పెద్ద మొత్తంలో చాలా భాగం పట్టేసినట్టు కనిపిస్తుంది.

తేజా, ఆదివారం ఏం మారిందో నువ్వు చెప్పాలి. అంకెలు దాన్ని చెప్పవు.

తేజ_బ్రాడీపేట · గురువారం, ఉదయం 7:30

ఆదివారం రద్దీకి ఒక పెనం చాలదని రెండో పొయ్యి వెలిగిస్తాం. దానికి వేరే సిలిండర్. రెండింటి బరువూ కలిపే 7.6 రాశాను. ఆ పొయ్యి ఆరున్నర నుంచి పదకొండు దాకా ఆర్పకుండా ఉంటుంది, అట్టు పడినా పడకపోయినా.

గోపాలరావు_వంట · గురువారం, ఉదయం 8:10

ఆదివారం పూరీ కూడా ఎక్కువ పోతుంది బాబూ. పూరీ బాండీలో నూనె కాగడానికీ, కాగిన వేడి నిలవడానికీ అట్ల పెనం కంటే ఎక్కువ మంట పెట్టాలి. నీ టోకెన్లలో పూరీలు చూశావా?

తేజ_బ్రాడీపేట · గురువారం, ఉదయం 8:22

చూడలేదు బాబాయ్. పూరీ టోకెన్లు ఇంకా ఉన్నాయి గానీ ఇడ్లీతో కలిసిపోయాయి. రెండింటికీ ఒకే రంగు.

రమాదేవి_సత్యనారాయణపురం · గురువారం, ఉదయం 9:00

గోపాలరావు గారు ఆదివారం గురించి అన్నారు గానీ ఆ మాట మిగతా ఆరు రోజులకి కూడా వర్తిస్తుంది. జనం ఎక్కువ వచ్చిన రోజు అట్లూ ఎక్కువే, ఇడ్లీలూ ఎక్కువే, టీలూ ఎక్కువే. నీ పట్టికలో అట్ల వరుస ఒక్కటే ఉంది కాబట్టి వాటన్నిటి గ్యాస్‌నీ అట్ల ఖాతాలోనే వేసేశాం. అంటే 9.2 అన్నది ఒక అట్టు తినే గ్యాస్ కాదు, ఒక అట్టు పెరిగిన రోజు దాంతో పాటు పెరిగినవన్నీ తినే గ్యాస్. గృహప్రవేశానికి అట్లు మాత్రమే వెళ్తున్నాయి కాబట్టి అసలు అంకె 9.2 కంటే తక్కువ కూడా కావచ్చు.

ఇంకొకటి. ఆరు చుక్కలతో వచ్చిన వాలు ఎంత గట్టిదో కూడా చూశాను. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అది 5.4 నుంచి 13 గ్రాముల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. వంద అట్లకి అర కిలో నుంచి కిలోంబావు దాకా. ఇంత వెడల్పులో కూడా మీ నాన్నగారి 28.75 రాదు, అది ఒకటి గట్టిగా తెలిసింది.

ఆదివారాన్ని దాచొద్దు, కలపొద్దు. పట్టిక కింద విడిగా రాయి, "రెండు పొయ్యిలు" అని పక్కన పెట్టు.

కిరణ్_మొగల్రాజపురం · గురువారం, మధ్యాహ్నం 12:50

మేడమ్, నాకు ఇంకా పూర్తిగా నచ్చలేదు. రెండో పొయ్యి వెలిగించడమే అట్లు ఎక్కువ పోవడం వల్ల కదా? అప్పుడు ఆ గ్యాస్ కూడా అట్ల ఖర్చే. మామూలు రోజు 160కి ఈ 100 కలిస్తే 260. అప్పుడు తేజ వాళ్లు రెండో పొయ్యి వెలిగించాల్సి వస్తే 0.92 కిలో ఎలా సరిపోతుంది?

రమాదేవి_సత్యనారాయణపురం · గురువారం, మధ్యాహ్నం 3:15

సరిపోదు. కిరణ్ గారు చెప్పింది సరైన అభ్యంతరం. గీత 210 దగ్గర ఆగిపోయింది. 260 దగ్గర ఏమవుతుందో అది చెప్పలేదు. ఎన్ని అట్ల దగ్గర రెండో పొయ్యి అవసరమవుతుందో, అక్కడ గ్యాస్ ఒక్కసారిగా మెట్టులా ఎక్కుతుందో, వాలే మారుతుందో తెలియాలంటే 210కీ 310కీ మధ్య రోజులు కావాలి. మన దగ్గర ఒక్కటీ లేదు.

గోపాలరావు_వంట · గురువారం, సాయంత్రం 4:40

దీనికి ఇంత ఆలోచన ఎందుకు. గృహప్రవేశం అట్లు మధ్యాహ్నం హోటల్ ఖాళీగా ఉన్నప్పుడు వేస్తే ఒక పెనమే చాలు. వేసినంత సేపూ సిలిండర్‌ని కాటా మీదే ఉంచు, ముందూ వెనకా చూసుకో. పెనం వేడెక్కే గ్యాస్ మాత్రం అదనంగా పడుతుంది. ఒకటి గుర్తు పెట్టుకో, రబ్బరు పైపు బిగుతుగా ఉంటే కాటాని లాగుతుంది, బరువు తప్పు చూపిస్తుంది. పైపు వదులుగా వేలాడేలా పెట్టు.

తేజ_బ్రాడీపేట · శుక్రవారం, రాత్రి 9:35

బాబాయ్ చెప్పినట్టే ఇవాళ చేశాను. పొద్దున తొమ్మిదిన్నరకి, ఇడ్లీ, సాంబారు పొయ్యిలు ఆర్పేశాక, అట్ల పొయ్యి ఒక్కటే వెలుగుతుండగా సిలిండర్ కాటా మీద పెట్టాం. పైపు మొదట నిజంగానే లాగింది. చేత్తో కొంచెం ఎత్తితే 200 గ్రాములు తేడా చూపించింది. సిలిండర్‌ని పొయ్యికి దగ్గరగా జరిపాక నిలిచింది. పెనం అప్పటికే వేడిగా ఉంది. వరసగా 60 అట్లు వేశాం. మొదటి, చివరి బరువులకి తేడా చూశాను. 0.6 కిలో, అంటే అట్టుకి 10 గ్రాములు.

కాటా 100 గ్రాముల మెట్లలో చూపిస్తుంది కాబట్టి రెండు రీడింగుల్లోనూ చెరో 50 గ్రాములు అటూ ఇటూ కావచ్చు. అప్పుడు 0.5 నుంచి 0.7 కిలో, అంటే అట్టుకి 8.3 నుంచి 11.7 గ్రాములు. మేడమ్ చెప్పిన 5.4–13 లోపలే ఉంది. అయితే 9.2 కంటే తక్కువ రావచ్చన్నారు, అలా మాత్రం రాలేదు. కాటా వల్లో, మా అమ్మ ఇవాళ మంట పెద్దది పెట్టడం వల్లో తెలియడం లేదు.

నాన్నకి చూపించాను. ఆర్డర్‌కి పెనం వేడెక్కడానికి కూడా కలిపి కిలోన్నర గ్యాస్ వేసుకుందామన్నారు. అట్టు రేటు కట్టేటప్పుడు మాత్రం 28.75 వదలనన్నారు.

ఆదివారం రెండో సిలిండర్‌ని విడిగా తూస్తాను. పూరీ టోకెన్లకి వేరే రంగు కాగితం కూడా తెచ్చాను. పూరీల వరుస కూడా కలిపితే రెండు x లతో గీత ఎలా వేయాలో ఎవరైనా చెప్పగలరా? ఎనిమిది తొమ్మిది రోజుల పట్టిక దానికి సరిపోతుందా?